మూడో గంటకు ఏ వాసన మిగిలింది?

మాల్‌లో సెంటు కొనే తీరు దాదాపు అందరిదీ ఒకటే. కౌంటర్ దగ్గరి అమ్మాయి సన్నటి కాగితపు పట్టీ మీద ఓసారి కొట్టి చేతికిస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటాం, బాగుందనిపిస్తుంది, కార్డు తీస్తాం. సాయంత్రానికి చొక్కా మీద మిగిలే వాసన మాత్రం పొద్దున మనకు నచ్చినది కాదు. తియ్యగా, బరువుగా, ఒక్కోసారి తలనొప్పి తెప్పించేలా ఉంటుంది. నకిలీ సరుకు అంటగట్టారని షాపువాళ్లను తిట్టుకుంటాం. చాలాసార్లు సీసా అసలుదే. మనం కొన్నది మొదటి పది నిమిషాలను చూసి, ఒంటి మీద మోయాల్సింది ఆ తరవాతి ఐదారు గంటలను.

దీనికి నూరేళ్లు పైబడిన ఉదాహరణ ఒకటుంది. పారిస్‌లోని గెర్లాన్ సంస్థ 1925లో ‘షాలిమార్’ అనే పెర్ఫ్యూమ్ తెచ్చింది. తయారుచేసినవాడు జాక్ గెర్లాన్. పేరు మొఘలుల తోటలది. మూత తీసి కొట్టుకోగానే నిమ్మజాతి వాసన గుప్పుమంటుంది, ఎందుకంటే అందులో బెర్గమాట్ అనే పులుపు పండు తొక్క నూనె దండిగా ఉంది. ఆ ఒక్క నిమిషం చూసి ఇదేదో చలవగా ఉండే సెంటు అనుకుంటే పొరపాటే. గంట గడిచేసరికి నిమ్మ ఎగిరిపోయి వెనిలా, జిగురు ధూపం, కొంచెం పొగ, కొంచెం తోలు వాసన పైకి వస్తాయి. పరిమళాల లోకంలో షాలిమార్‌ను ఓరియంటల్ కుటుంబానికి మచ్చుతునకగా చెబుతారు తప్ప సిట్రస్ కుటుంబంలో ఎవరూ వేయరు. కుటుంబాన్ని తేల్చేది చివరికి మిగిలే వాసన, ముందు తగిలేది కాదు. ఇంత తెలిస్తే మీకు నప్పే సెంటు ఎంచుకోవడంలో సగం పని అయినట్టే.

ఈ కుటుంబాల లెక్క అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఫ్రాన్సులోని పరిమళకారుల సంఘం ఏడు కుటుంబాలు చెబుతుంది: సిట్రస్, పూలు, ఫూజేర్, షీప్ర్, కలప, ఓరియంటల్, తోలు. మైకేల్ ఎడ్వర్డ్స్ అనే నిపుణుడు కుటుంబాలను తనదైన లెక్కలో గుండ్రటి చక్రంలా అమర్చి, పక్కపక్కన ఉన్నవి దగ్గరి చుట్టాలని చూపించాడు. షాపుల్లో వాడే పటం ఎక్కువగా ఆయనదే. ఓరియంటల్ అన్న మాట ఆసియా జనాన్ని ఒక మూసలో పెట్టేలా ఉందన్న విమర్శ రావడంతో ఈ మధ్య ఆయన దాన్ని తీసేసి ఆంబర్ అని మార్చాడు. కొత్త డబ్బాల మీద, షాపు పట్టికల్లో ఆ మాట కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే. తోలు, షీప్ర్ మన మార్కెట్‌లో అరుదు కాబట్టి వాటిని పక్కన పెట్టి మిగతా ఐదింటినీ చూద్దాం.

ముందుగా ఒక చిన్న సంగతి. వాసన అంటే గాలిలోకి ఎగిరి ముక్కులోకి వచ్చే అణువులే. నిమ్మ తొక్కలోని లిమొనీన్ లాంటివి తేలికైనవి, ఇట్టే ఎగిరిపోతాయి. పూల వాసననిచ్చేవి చాలావరకు మధ్యరకం. గంధంలోని శాంటలాల్, వెనిలాలోని వెనిలిన్, జిగురు ధూపాలు నింపాదిగా కదులుతాయి. కాగితపు పట్టీ మీద నిమ్మనూనె చుక్క వేస్తే గంటలో దాదాపు ఏమీ మిగలదు. గంధం నూనె చుక్క వారం తరవాత కూడా పలుకుతుంది. పై వాసన, నడిమి వాసన, అడుగు వాసన అని వ్యాపారంలో చెప్పే మూడు మెట్లూ దీన్నుంచే వచ్చాయి. ప్రతి సెంటులోనూ మూడూ ఉంటాయి. ఏ మెట్టు మీద బరువు పెట్టారన్నదే కుటుంబాల మధ్య తేడా.

నిమ్మ, బత్తాయి చుట్టాలు

కమలాపండు ఒలిచేటప్పుడు తొక్కలోంచి చిమ్మి కళ్లు మండించే సన్నటి తుంపర ఉంటుంది చూశారా, సిట్రస్ కుటుంబానికి ముడిసరుకు అదే. దాన్ని మరిగించకుండా, తొక్కను నొక్కి తీస్తారు. 1709లో జర్మనీలోని కొలోన్ పట్నంలో మొదలైన ఫరీనా కంపెనీ ఈ నూనెలను సారాయిలో కలిపి అమ్మింది. ఊరి పేరే సరుకు పేరై ‘ఓ డి కొలోన్’ అని స్థిరపడింది. మన ఇళ్లలో జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డతో అద్దే కొలోన్ నీళ్లకు మూలం ఇదే.

ఈ కుటుంబం ఎవరినీ నొప్పించదు, ఎండాకాలానికి దీన్ని మించింది లేదు. నిలకడే దీని లోపం. గంట, గంటన్నరకు మించి నిలిచే సిట్రస్ సెంటు ఏదైనా ఉందంటే, దాని అడుగున కలపో కస్తూరి వాసననిచ్చే రసాయనమో కలిపారని అర్థం. అందులో తప్పేమీ లేదు, కానీ మూడో గంటకు మీ ఒంటి మీద ఉండేది ఆ అడుగు సరుకే. ‘నిలవలేదు’ అని సిట్రస్‌ను తిట్టడం న్యాయం కాదు. చిన్న సీసా వెంట పెట్టుకుని మధ్యాహ్నం మరోసారి కొట్టుకోవడమే దాని వాడకం.

ఇందులో మన ఎండలకు సంబంధించిన జాగ్రత్త ఒకటుంది. బెర్గమాట్ నూనెలో సహజంగా బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే నల్లటి మచ్చలు పడతాయి. మెడ మీద సెంటు కారిన దారినే చారలుగా పడి నెలల తరబడి పోకపోవచ్చు. ఇప్పుడు పెద్ద కంపెనీలు ఆ పదార్థం తీసేసిన నూనెనే వాడుతున్నాయి. ఊరూపేరూ లేని సీసాలకు, ఇంట్లో ముడి నూనెలు కలుపుకునేవాళ్లకు ఆ భరోసా ఉండదు. బయటికి వెళ్తూ నిమ్మజాతి సెంటు మెడకు కాకుండా బట్టలకు కొట్టుకుంటే సరిపోతుంది.

పూలు

పూల గురించి తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. జడలో మల్లెలు, సన్నజాజులు, సంపెంగ, మొగలి రేకు ఏది ఎలా ఉంటుందో చీకట్లో కూడా చెప్పగలం. అందుకే సీసాలో ‘జాస్మిన్’ అని రాసి ఉన్నది మనకు తరచూ నిరాశ కలిగిస్తుంది. ‘ఇది మల్లె కాదు’ అంటాం. నిజమే, కాదు.

మల్లెను గులాబీలా ఆవిరి పట్టి నూనె తీయడం కుదరదు, ఆ వేడికి దాని వాసన చెడిపోతుంది. పూలను హెక్సేన్ లాంటి ద్రావకంలో నానబెట్టి, ఆవిరి చేసి, మిగిలిన మైనం లాంటి ముద్దను ఆల్కహాల్‌తో కడిగి సారం తీస్తారు. చాలా పూలు పోస్తే వచ్చేది కాస్తంత. ఖరీదు ఎక్కువ కావడంతో మాల్‌లో దొరికే సీసాల్లో చాలావరకు మల్లె వాసన ప్రయోగశాలలో కూర్చినదే. పైగా అసలు మల్లెలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. విడిగా గాఢంగా వాసన చూస్తే అది కలరా ఉండలను, కుళ్లును గుర్తుచేస్తుంది. రాత్రి పెట్టుకున్న మల్లెలు తెల్లవారేసరికి వాడి తల బరువెక్కించే వాసన వేస్తాయే, అందులో దీని పాత్ర ఉంది. తయారీదారు దీన్ని తగ్గిస్తే పూలు సబ్బు వాసన కొడతాయి, ఉంచితే మనకు తెలిసిన మల్లె కాస్తయినా పలుకుతుంది. కాబట్టి పూల సెంటు కొనేటప్పుడు ‘మల్లె ఉందా’ అని కాకుండా, ఆ మల్లె తెల్లవారుజామునదా, సాయంత్రం అప్పుడే విచ్చినదా అని ముక్కుతో అడగండి. కొందరికి మొదటిది ఇష్టం, కొందరికి అస్సలు పడదు.

కొన్ని పూల నుంచి వాసన తీయడం ఎవరివల్లా కాలేదు. లిలీ ఆఫ్ ది వ్యాలీ అనే తెల్లటి బుల్లి గంటల పువ్వు వాసన ఎన్నో సెంట్లలో ఉంది కానీ అందులో ఒక్క చుక్క కూడా ఆ పువ్వుది కాదు, అంతా రసాయనాలతో అల్లినది. కృత్రిమం అన్నంత మాత్రాన ముఖం చిట్లించుకోనక్కర్లేదు. అసలు ఐరోపాలో ఒక పెద్ద కుటుంబం పుట్టిందే కృత్రిమ పదార్థం వల్ల.

ఫూజేర్: మంగలి షాపు వాసన

ఈ పేరు వినని మగవాడు కూడా ఈ వాసన ఎరుగుదును కాదనలేడు. సెలూన్‌లో గడ్డం గీసి, నురుగు తుడిచి, ఆఫ్టర్‌షేవ్ రాసినప్పుడు వచ్చే వాసనే ఫూజేర్. లావెండర్ చలవ, దాని కింద కొంచెం చేదు, ఆ కింద ఎండుతున్న గడ్డి తీపి.

ఆ గడ్డి తీపి కూమరిన్‌ది. టోంకా అనే దక్షిణ అమెరికా గింజలో సహజంగా ఉంటుంది. 1868లో విలియం పెర్కిన్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. ఊదారంగు అద్దకాన్ని కనిపెట్టి కృత్రిమ రంగుల పరిశ్రమకు తెర తీసినవాడూ ఇతనే. 1880లలో పారిస్‌లోని హూబిగాఁ సంస్థలో పాల్ పార్కే అనే పరిమళకారుడు ఆ కూమరిన్‌ను లావెండర్, బెర్గమాట్, ఓక్ చెట్ల మీద పెరిగే ఓక్‌మాస్ అనే లైకెన్‌తో కలిపి ‘ఫూజేర్ రోయాల్’ తయారుచేశాడు. ఆ పేరుకు రాచ ఫెర్న్ మొక్క అని అర్థం. ఫెర్న్‌కు చెప్పుకోదగ్గ వాసనే లేదు, కాబట్టి అది ఎలా ఉండాలో ఊహించి అల్లేశాడన్నమాట. ఉన్న పువ్వునో పండునో అనుకరించడం మాని, లేని వాసనను కల్పించడం అక్కడ ఊపందుకుంది.

తరవాతి నూటనలభై ఏళ్లలో మగవాళ్ల సరుకులో సింహభాగం ఈ కుటుంబానిదే అయింది. 1964 నాటి బ్రూట్, 1988 నాటి కూల్ వాటర్, ఇప్పుడు కుర్రాళ్లు కొట్టుకునే డియోడరెంట్లలో చాలావరకు ఫూజేర్ సంతానమే. పాతవాటిలో ఓక్‌మాస్, లావెండర్ ముందుంటే కొత్తవాటిలో డైహైడ్రోమిర్సినాల్ అనే రసాయనం వల్ల సముద్రపు గాలి, ఉతికిన బట్టల వాసన ముందుకొచ్చింది. మీ నాన్నగారు ముప్పై ఏళ్లుగా ఒకే ఆఫ్టర్‌షేవ్ వాడుతూ ‘ఇది మునుపటిలా లేదు’ అంటుంటే ఆయన ముక్కును అనుమానించకండి. ఓక్‌మాస్‌లోని రెండు పదార్థాలు చర్మానికి ఎలర్జీ తెస్తున్నాయని యూరప్ 2017లో నిషేధం ప్రకటించింది. అంతకుముందు నుంచే పరిమితులు ఉన్నాయి. పాత సూత్రాలు చాలావరకు మారిపోయాయి.

ఈ కుటుంబం మగవాళ్లదే అన్నది అలవాటు తప్ప నియమం కాదు. లావెండర్ నచ్చే ఆడవాళ్లు మగవాళ్ల అరలోంచి నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. చార్మినార్ దగ్గరి అత్తరు దుకాణాల్లో గులాబీ అత్తరు అడిగేవాళ్లలో మగవాళ్లకు తక్కువేమీ లేదు.

కలప, వేరు

కలప కుటుంబానికి మూలస్తంభాలు గంధం, వట్టివేరు, దేవదారు జాతులు, పచ్చౌలి. వీటిలో గంధం పాల మీగడలా మెత్తన. వట్టివేరు తడిమట్టి, పచ్చి వేరు. సెడార్ అంటే పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే పొడి వాసన. ఈ మూడూ ఒకే కుటుంబం అయినా మనుషుల మీద కూర్చునే తీరు వేరు, ‘నాకు వుడీ పడదు’ అనేవాళ్లు సాధారణంగా ఈ మూడింటిలో ఒకదాన్ని మాత్రమే చూసి ఉంటారు.

గంధం విషయంలో మన దగ్గర ఒక గందరగోళం ఉంది. శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనానికి ఇంత గిరాకీ, ఇంత దొంగరవాణా ఉంది కాబట్టి అది సెంట్లకోసమే అనుకునేవాళ్లు ఎందరో. ఎర్రచందనానికి మంచిగంధపు పరిమళం లేదు. దాని విలువ రంగుకూ, కలపకూ. పరిమళం మంచిగంధానిది, అదీ ముదిరిన చెట్టు చేవలోనూ వేళ్లలోనూ ఉంటుంది. చేవ పట్టడానికి ఏళ్లూ పూళ్లూ కావాలి కాబట్టి అసలు నూనె ఎప్పుడూ ఖరీదే. తక్కువ ధరకు దొరికే సీసా మీద ‘శాండల్‌వుడ్’ అని ఉంటే అందులో ఉన్నది కృత్రిమ గంధం అని నిశ్చింతగా అనుకోవచ్చు. అది బాగుండకూడదని కాదు, ఆ ధరకు అసలుది రాదని.

కలప వాసనల్లోనూ కస్తూరి రకాల్లోనూ ఒక విచిత్రం ఉంది. కొన్ని అణువులు కొందరి ముక్కుకు అసలు తెలియవు. ముక్కు మిగతా అన్నిటికీ చక్కగా పనిచేస్తుంది, ఆ ఒక్కదానికే గుడ్డిది. అలాంటివాళ్లు ‘ఇందులో వాసనే లేదు’ అని మళ్లీ మళ్లీ కొట్టుకుంటారు, పక్కవాళ్లకు ఊపిరాడదు. కలప సెంటు కొనేముందు ఇంట్లో మరొకరిని వాసన చూడమనడం అందుకే.

ఓరియంటల్, అనగా ఆంబర్

ఈ కుటుంబం మన దేవుడి గదికి బాగా దగ్గర. పాశ్చాత్యులు బెంజాయిన్ అని సీసాల మీద గొప్పగా రాసుకునేది మన సాంబ్రాణే. దానికి లాబ్డనమ్ అనే మధ్యధరా పొదల జిగురు, వెనిలా, లవంగం, దాల్చినచెక్క కలిపితే ఓరియంటల్ తయారు. ఆంబర్ అని పేరున్న చెట్టుగానీ పువ్వుగానీ లేదు, అది ఈ జిగుర్లూ వెనిలా కలిసిన కూర్పు. అగరు కలిస్తే అరబ్బు రుచి వస్తుంది, అటు కలప కుటుంబానికీ ఇటు దీనికీ మధ్య నిలుస్తుంది. తరతరాలుగా గడ్డం గీసుకున్నాక వాడుతున్న ఓల్డ్ స్పైస్ 1938 నాటి మసాలా ఓరియంటల్, ఫూజేర్ కాదు.

నిలకడలో దీన్ని మించింది లేదు, రెండోరోజు చున్నీ మీద కూడా దొరుకుతుంది. వేడిలో మాత్రం పొంగుతుంది. చలికాలపు రాత్రి పెళ్లిలో హుందాగా ఉండే సెంటు మే నెల మధ్యాహ్నం ఆటోలో పక్కవాళ్ల సహనాన్ని పరీక్షిస్తుంది. ఈ సంగతి అత్తరు వ్యాపారులకు ఎప్పటినుంచో తెలుసు. ఎండాకాలానికి ఖస్, గులాబీ, మల్లె, తొలకరి మట్టి వాసనను గంధం నూనెలో పట్టిన మిట్టీ అత్తరు ఇస్తారు. మసాలాలు దట్టించిన షమామా, హీనా చలికాలానికి దాస్తారు. ఫ్రెంచివాళ్ల కుటుంబాల పటాన్ని రుతువుల వారీగా చదివితే వచ్చేది ఇదే.

మీ కుటుంబం మీ స్నానాల గదిలోనే ఉంది

రాశిని బట్టి, మనస్తత్వాన్ని బట్టి సెంటు చెప్పే ప్రశ్నావళులు చాలా తిరుగుతున్నాయి. కాలక్షేపానికి బాగుంటాయి, అంతే. అంతకంటే నమ్మకమైన ఆధారం మీరు ఇన్నేళ్లుగా తెలియకుండానే ఎంచుకుంటూ వచ్చిన వాసనలు. ఏ సబ్బు వాసన మీకు ఇష్టం? లిరిల్ లాంటి నిమ్మ సబ్బా, మైసూర్ శాండలా, గులాబీ, మల్లె వాసనల సబ్బులా? షేవింగ్ క్రీమ్ వాసన మీకు హాయిగా ఉంటుందా? సాంబ్రాణి పొగ వేస్తే ఆ గదిలోనే కూర్చుంటారా, కిటికీ తెరుస్తారా? వీటికి జవాబులు కాగితం మీద రాసుకుంటే ఐదు కుటుంబాల్లో రెండు మిగులుతాయి. పడని వాసనలు రాసుకోవడం ఇంకా ముఖ్యం. ఇష్టాలు మారతాయి గానీ తలనొప్పి తెచ్చే వాసన పదేళ్లయినా తెస్తుంది.

ఆ తరవాతి పని షాపులో. మా మేనకోడలి విషయం చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. విజయవాడలో బ్యాంకు కౌంటర్‌లో ఉద్యోగం, రోజూ స్కూటీ మీద వెళ్లి రావడం, లోపల ఏసీ. ఎవరో బహుమతిగా ఇచ్చిన పూల సెంటు పౌడర్ వాసన కొడుతోందని మూలన పడేసింది. ఆమె జాబితాలో నిమ్మ సబ్బు, సాంబ్రాణి, తడిసిన మట్టి ఇష్టం కింద ఉన్నాయి, పౌడర్, గులాబీ పడనివాటి కింద ఉన్నాయి. అంటే సిట్రస్, కలప, ఓరియంటల్ చూడాలి, పూలు వదిలేయాలి.

షాపులో ఒక్కో కుటుంబానికి ఒక పట్టీ చొప్పున మూడు పట్టీల మీద కొట్టించుకుంది. అంతకుమించితే ముక్కు అలిసిపోయి ఏదీ తెలియదు. షాపువాళ్లు మధ్యలో కాఫీ గింజలు వాసన చూడమంటారు గానీ, బయటి గాలి పీల్చుకున్నా, సొంత మోచేతి మడత వాసన చూసుకున్నా అంతే ఫలితం. ప్రతి పట్టీ మీద పేరు, కొట్టిన సమయం రాసి, ఒకదానికొకటి తగలకుండా వేర్వేరు కవర్లలో పెట్టుకుని ఏమీ కొనకుండా వచ్చేసింది. కొట్టిన వెంటనే నిమ్మ పట్టీ అన్నిటికంటే నచ్చింది. అరగంటకు అది పలుచబడింది. రెండు గంటలకు అందులో మిగిలింది ఉతికిన బట్టల వాసన, అది ఆమెకు ఏమీ అనిపించలేదు. వట్టివేరు మీద కొంచెం పంపర పనస లాంటి పులుపు కలిపిన కలప సెంటు మొదట మందు వాసన వేసింది, రెండు గంటలకు బాగుంది, పొద్దున లేచి చూస్తే ఇంకా బాగుంది. వెనిలా ఆంబర్ మొదటినుంచీ చివరిదాకా నచ్చింది.

మర్నాడు మళ్లీ వెళ్లి ఎడమ చేతికి వట్టివేరు, కుడి చేతికి ఆంబర్ కొట్టించుకుంది. మణికట్లు ఒకదానికొకటి రుద్దలేదు. రుద్దితే చర్మం వేడెక్కి పై వాసనలు ఇంకా తొందరగా పోతాయి. అక్కడినుంచి ఎండలో స్కూటీ మీద ఆఫీసుకు. మధ్యాహ్నం ఫోన్ చేసింది.

“మావయ్యా, కుడి చెయ్యి బూరెల పాకం అయిపోయింది. పక్క కౌంటర్ మేడమ్ ఏం కొట్టుకున్నావమ్మా, తల పట్టేసిందంటోంది.”

“మరి ఎడమ చెయ్యి?”

“అది ఉందో లేదో నాకు తెలియట్లేదు. ఆవిడ మాత్రం ఉంది, బాగుందంటోంది.”

జవాబు అక్కడే దొరికింది. తన ఒంటి వాసనకు తన ముక్కు కాసేపట్లో అలవాటు పడిపోతుంది కాబట్టి నాలుగో గంట గురించి పక్కవాళ్లు చెప్పేదే ఖరారు. వట్టివేరు సెంటు చిన్న సీసా కొనుక్కుంది. ఆంబర్ కూడా నచ్చింది కాబట్టి దాని నమూనా సీసా ఒకటి డిసెంబరు పెళ్లిళ్ల కోసం దాచుకుంది. కాగితం మీద ఓడిపోని ఆంబర్ చర్మం మీద, ఎండలో ఓడిపోయింది. కాగితానికి చెమట పట్టదు మరి.

మీ చర్మం పొడిబారిన రకమైతే ఏ కుటుంబమైనా తొందరగా జారిపోతుంది. వాసన లేని మాయిశ్చరైజర్ ముందు రాసుకుని దాని మీద కొట్టుకుంటే కాస్త నిలుస్తుంది. జిడ్డు చర్మం మీద ఓరియంటల్ ఇంకా గట్టిగా పలుకుతుంది, ఒక్కసారి నొక్కితే చాలు. డబ్బా మీద ఓ డి టాయిలెట్ అని ఉంటే సుమారు 5 నుంచి 15 శాతం, ఓ డి పార్ఫమ్ అంటే 15 నుంచి 20 శాతం దాకా పరిమళ నూనెలు ఉంటాయి. ఈ అంకెలకు చట్టం కట్టుబాటు లేదు, కంపెనీని బట్టి మారతాయి. ఒకే పేరుతో రెండూ వస్తే రెండోది మొదటిదానికి చిక్కటి రూపమే కానక్కర్లేదు, చాలాసార్లు కూర్పే మార్చేస్తారు. విడిగా చూడాల్సిందే. మోచేతి మడతలో చిన్న చుక్క వేసి ఒక రోజు చూడండి. దురద, ఎరుపు వస్తే ఆ సీసా ఎంత నచ్చినా మీది కాదు. పట్టుచీర మీద నేరుగా కొట్టకండి, మరక పడుతుంది.

కొన్నాక సీసాను స్నానాల గదిలో, కిటికీ గట్టు మీద పెట్టకండి. వేడికీ వెలుతురుకూ ముందుగా పాడయ్యేది సిట్రస్. నిమ్మ వాసన పోయి పాత రంగు, వార్నిష్ వాసన వస్తోందంటే చెడిపోయినట్టు. బీరువాలో, దాని డబ్బాలోనే ఉంచితే ఏళ్లపాటు బాగుంటుంది. అందుకే మొదటిసారి 100 మిల్లీలీటర్ల సీసా కొనకండి. నమూనా సీసా అయినా, చార్మినార్ దగ్గర చుక్కల్లెక్కన అమ్మే అత్తరు అయినా ముందు వారం రోజులు వాడి చూసి, ఇంట్లోవాళ్లను అడిగి, అప్పుడు డబ్బు పెట్టండి.